ఐదింతలైంది సరే, ఏడాదికి ఎంత పడ్డట్టు?

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిక ఉన్నప్పుడే చదవండి. చదివేటప్పుడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది. నేను చెప్పే ప్రతి లెక్కా మీరే వేసి చూసుకోవచ్చు.

ఈ మధ్య మన ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక బొమ్మ తెగ తిరుగుతోంది. "2009లో ఎకరం 4 లక్షలు. 2024లో ఎకరం 20 లక్షలు. 15 ఏళ్ళలో ఐదింతలు. ఏడాదికి 26 శాతం పైనే. బ్యాంకులో ఇంత వస్తుందా?" అని. దాని కింద మధ్యవర్తి ఫోను నంబరు. బొమ్మతో పోతే నేను ఈ పోస్టు రాయను. ఆ బొమ్మ పట్టుకుని ఇళ్ళకొచ్చి ఒక మాట చెప్తున్నారు. "నూటికి రూపాయిన్నరకి నోటు రాసినా ఏడాదికి 18 శాతమే కదా. భూమి 26 పెరుగుతోంది. మధ్యలో 8 శాతం ఊరికే మీ జేబులో పడుతుంది" అని. ఆ మాట నమ్మి మా చుట్టుపక్కల నోట్లు రాసినవాళ్ళు ఉన్నారు. మిరప అమ్మిన డబ్బు కొంత, అప్పు కొంత వేసి ఎకరాలు కొంటున్నారు.

నేను చెప్పేది ఒకటే. ఆ 26 శాతం అబద్ధం. 4 లక్షలు 20 లక్షలు కావడం నిజం, మా డొంక పక్క ఎకరాలకు పలికిన రేట్లు కూడా అవే. అంకెలు నిజమైనవి పెట్టి, వాటి మధ్యలో భాగాహారం తప్పు చేసి చూపిస్తున్నారు. సరైన లెక్క కడితే అదే ఎకరం ఏడాదికి 11 శాతం చిల్లరే పెరిగింది. 26 ఎక్కడ, 11 ఎక్కడ? ఆ తేడాలోనే ఒక సంసారం మునిగిపోతుంది.

ముందు వాళ్ళ లెక్క చూద్దాం. 4 లక్షలు పోను లాభం 16 లక్షలు. 4 లక్షల మీద 16 లక్షలంటే 400 శాతం. దాన్ని 15 ఏళ్ళతో భాగిస్తే 26.67. చూడటానికి చక్కగానే ఉంది, ఐదో తరగతి పిల్లోడు కూడా ఒప్పుకుంటాడు. తప్పు ఎక్కడుందంటే, ఈ లెక్కలో 15 ఏళ్ళూ పెరుగుదలను మొదటి 4 లక్షల మీదనే చూశారు. అంటే బారు వడ్డీ లెక్క. కానీ భూమి అలా పెరగదు. 4 లక్షల ఎకరం 6 లక్షలైనాక, పై ఏడు పెరిగేది ఆ 6 లక్షల మీద. 12 అయినాక 12 మీద. పెరిగినదాని మీద మళ్ళీ పెరగడాన్ని మనం చక్రవడ్డీ అంటాం. కాబట్టి దాని రేటు కూడా చక్రవడ్డీ లెక్కనే తియ్యాలి.

నమ్మకం కుదరకపోతే తిరగేసి చూడండి. నిజంగానే ఎకరం ఏడాదికి 26.67 శాతం పెరిగి ఉంటే, 4 లక్షలు 15 ఏళ్ళకు ఎంతవ్వాలి? 4ని 1.2667తో పదిహేనుసార్లు గుణించండి. ఒక కోటీ 38 లక్షలు దాటుతుంది. ఎకరం పలికింది 20 లక్షలు. కోటీ 18 లక్షల తేడా ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆ రేటు ఎప్పుడూ లేనే లేదు. ఏ రేటు చెప్పినా ఈ పరీక్ష పెట్టొచ్చు. మొదటి ధరను ఆ రేటుతో ఏడాదికోసారి చొప్పున అన్నేళ్ళూ గుణించుకుంటూ పోతే చివరి ధర రావాలి. రాకపోతే ఆ రేటు తప్పు.

ఇప్పుడు సరైన లెక్క. దీన్ని చదువుకున్నోళ్ళు వార్షిక చక్రవృద్ధి రేటు అంటారు, పేపర్లలో సీఏజీఆర్ అని రాస్తారు. పేరు చూసి బెదరక్కర్లేదు, చేసేది మూడే పనులు.

మొదటిది, చివరి ధరను మొదటి ధరతో భాగించాలి. 20ని 4తో భాగిస్తే 5. ఎన్ని రెట్లైందో తెలిసింది. రెండోది, ఏ అంకెను దానితోనే పదిహేనుసార్లు గుణిస్తే 5 వస్తుందో వెతకాలి. దీన్నే పదిహేనో మూలం అంటారు. మూడోది, వచ్చినదాంట్లో 1 తీసేయాలి. ఆ 1 మన అసలు, మిగిలింది పెరుగుదల. ఫోన్ క్యాలిక్యులేటర్లో ఇలా కొట్టండి:

```
(20/4)^(1/15)-1
```

0.11326 అని వస్తుంది. నూటితో గుణిస్తే 11.33 శాతం. ఆ టోపీ లాంటి గుర్తు కనపడకపోతే క్యాలిక్యులేటర్లో సైంటిఫిక్ అనేది తెరవండి. చాలా ఫోన్లలో ఫోనును అడ్డంగా తిప్పితే వస్తుంది. అక్కడ భాగాహారం గుర్తు వేరేగా ఉంటే అదే నొక్కండి. ఎక్సెల్ షీట్లో అయితే ముందు = పెట్టి ఇదే రాస్తే సరిపోతుంది.

ఒక జాగ్రత్త. 1/15 చుట్టూ బ్రాకెట్ తప్పకుండా ఉండాలి. బ్రాకెట్ వదిలేస్తే యంత్రం ముందు 5కి ఒకటో ఘాతం వేసి, తర్వాత 15తో భాగించి, ఆనక 1 తీసేసి, మైనస్ 0.67 చూపిస్తుంది. ధర పెరిగిన ఎకరానికి మైనస్ వచ్చిందంటే బ్రాకెట్ పోయిందని అర్థం.

ఫోన్లో ఆ గుర్తు దొరకనివాళ్ళకి కొట్టులో వాడే మామూలు క్యాలిక్యులేటర్ చాలు. ఊహించి చూడటమే పద్ధతి. 11 శాతం అనుకుని 4ని 1.11తో పదిహేనుసార్లు గుణిస్తే 19 లక్షల 14 వేలు వస్తుంది. తక్కువైంది. 12 అనుకుని 1.12తో గుణిస్తే 21 లక్షల 89 వేలు. ఎక్కువైంది. అంటే రేటు 11కి 12కి మధ్యలో, 11 దగ్గరగా ఉంది. మనకు అంతవరకు తెలిస్తే చాలు, 26 కాదని తేలిపోయింది.

సరిచూద్దాం. 11.33 లెక్కన 4 లక్షలు ఐదేళ్ళకు 6 లక్షల 84 వేలు. పదేళ్ళకు 11 లక్షల 70 వేలు. పదిహేనేళ్ళకు సరిగ్గా 20 లక్షలు. మొదటి ఐదేళ్ళలో పెరిగింది మూడు లక్షల లోపు, చివరి ఐదేళ్ళలో ఎనిమిది లక్షల పైన, కానీ శాతం మాత్రం ఒకటే. మన కంటికి చివరి ఎనిమిది లక్షలే కనపడతాయి కాబట్టి భూమి పరుగులు పెడుతోందని అనుకుంటాం. మన ఊరి భాషలో చెప్పాలంటే ఇది నూటికి నెలకు తొంభై పైసల వడ్డీ. రూపాయి కూడా లేదు. వాళ్ళు చెప్పే 26.67 శాతమేమో రెండు రూపాయల ఇరవై పైసల వడ్డీ. ఊళ్ళో ఎవడైనా తొంభై పైసలకు అప్పిస్తానంటే మనం ఎగిరి గంతేస్తాం. అదే తొంభై పైసల పెరుగుదలను రెండు రూపాయల ఇరవై పైసలని చూపిస్తే నోరెత్తకుండా నోటు రాసిస్తున్నాం.

"నీ లెక్క నీది, వాళ్ళ లెక్క వాళ్ళది, ఏది సరైందని ఎవరు చెప్పారు?" అని అడిగేవాళ్ళు ఉంటారు. పోస్టాఫీసుకు పొండి. కిసాన్ వికాస పత్రం మన పేరుతోనే ఉంది, అందరికీ తెలిసిందే. పెట్టిన సొమ్ము రెట్టింపు అవుతుంది. 2023 ఏప్రిల్‌లో ఖరారు చేసిన లెక్క ప్రకారం 115 నెలల్లో రెట్టింపు. 115 నెలలంటే 9 ఏళ్ళ 7 నెలలు, క్యాలిక్యులేటర్లో 115ని 12తో భాగిస్తే 9.583 సంవత్సరాలు. మధ్యవర్తి లెక్కన అయితే నూటికి నూరు లాభం, 9.583తో భాగిస్తే ఏడాదికి 10.43 శాతం. పోస్టాఫీసు వాళ్ళు పత్రం మీద 10.43 అని రాసుకోవచ్చుగా, జనం ఇంకా ఎగబడతారు. రాయలేదు. 7.5 శాతం అనే రాశారు. ఎందుకంటే అది చక్రవడ్డీ లెక్క. మీరే కొట్టి చూడండి:

```
2^(12/115)-1
```

0.075 వస్తుంది. ప్రభుత్వం రాసిన అంకె, మన క్యాలిక్యులేటర్ అంకె ఒకటే.

ఇదే పత్రాన్ని చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. 1988లో ఇది మొదలుపెట్టినప్పుడు ఐదున్నరేళ్ళలో రెట్టింపు అయ్యేది. మధ్యలో ఆపేసి 2014లో మళ్ళీ తెచ్చినప్పుడు 100 నెలలు. 2023 ఏప్రిల్‌లో 115 నెలలు. మూడుసార్లూ చెప్పిన మాట రెట్టింపే. కానీ మొదటిది ఏడాదికి 13.4 శాతం, రెండోది 8.7, మూడోది 7.5. "రెట్టింపు", "మూడింతలు", "ఐదింతలు" అనే మాటల్లో కాలం లేదు కాబట్టి వాటితో ఏదీ పోల్చలేం. రెట్టింపు అన్నప్పుడు మాత్రం నోటి లెక్క ఒకటుంది. 72ని ఏళ్ళతో భాగించండి. 9.6 ఏళ్ళయితే 7.5 వస్తుంది. ఐదున్నరేళ్ళయితే 13 పైన వస్తుంది. పైసలతో సహా సరిగ్గా రాకపోయినా దగ్గరికి వస్తుంది. రచ్చబండ మీద కూర్చుని ఎవడి మాటైనా పట్టుకోవడానికి అది చాలు.

ఇప్పుడు అసలు విషయానికి, అప్పు దగ్గరికి వద్దాం. తెలివైన మధ్యవర్తి ఇక్కడ ఒక అడ్డు పుల్ల వేస్తాడు. "అన్నా, నేను భూమికి బారు లెక్క చెప్పా, అప్పుకి కూడా బారు లెక్కే చెప్పా. 18 ఇంటు 15 అంటే 270 శాతం. 4 లక్షల అప్పు 15 ఏళ్ళకు 14 లక్షల 80 వేలు. భూమి 20 లక్షలు. 5 లక్షల 20 వేలు మిగిలిందా లేదా?" అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 15 ఏళ్ళు బారు వడ్డీతో నోటు ఉంచిన షావుకారు ఎవరైనా మీకు తెలుసా?

ప్రామిసరీ నోటుకు చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళు. మూడేళ్ళ లోపు చెల్లు వేయకపోతే, తిరగరాయకపోతే నోటుకు కాలదోషం పట్టిద్ది, కోర్టుకు పోయినా చెల్లదు. అందుకే గడువు దగ్గరపడగానే షావుకారు గుమ్మంలో ఉంటాడు. అప్పుడు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. వడ్డీ కట్టలేకపోతే అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాస్తాం. ఆ క్షణంలో వడ్డీ అసలైపోయింది. అంటే మన బారు వడ్డీ మూడేళ్ళకోసారి చక్రవడ్డీ అవుతుంది.

రూపాయిన్నర చొప్పున 36 నెలలంటే నూటికి 54. 4 లక్షల నోటు మూడేళ్ళకు 6 లక్షల 16 వేలు. తిరగరాస్తే ఆరో ఏటికి 9 లక్షల 49 వేలు. తొమ్మిదో ఏటికి 14 లక్షల 61 వేలు. పన్నెండో ఏటికి 22 లక్షల 50 వేలు. పదిహేనో ఏటికి 34 లక్షల 65 వేలు. ఎకరం 20 లక్షలకు అమ్మి మొత్తం షావుకారు చేతిలో పోసినా ఇంకా 14 లక్షల 65 వేలు బాకీ. భూమీ పోయింది, బాకీ మిగిలింది.

ఈ అప్పుకు కూడా అదే లెక్క కట్టండి. మొదట 4, చివర 34.65, ఏళ్ళు 15:

```
(34.65/4)^(1/15)-1
```

ఏడాదికి 15.5 శాతం దగ్గర వస్తుంది. భూమి పెరిగింది 11.33. అప్పు పెరిగింది 15.5. రెండిటినీ ఒకే కొలతతో కొలిస్తే 8 శాతం జేబులో పడటం కాదు, ఏటా 4 శాతం పైన జేబులోంచి పోతోంది. "నేను వడ్డీ ఏడాదికేడాది కట్టేస్తా, తిరగరాయను" అంటారా? మంచిదే, కానీ అప్పుడు ఏటా 72 వేలు చేతి నుంచి పోతాయి. మీకు పడేది పూర్తి 18 శాతం. 11.33 పెరిగేదానికి 18 కడుతున్నట్టే.

"కౌలు వస్తుంది కదా, అది లెక్కలో వెయ్యలేదేం?" అని ఒకరు తప్పక అడుగుతారు. సరైన ప్రశ్నే. మొదటి ధర, చివరి ధరతో కట్టే ఈ లెక్కలో మధ్యలో వచ్చిన కౌలు ఉండదు, దాన్ని విడిగా కలుపుకోవాలి. 4 లక్షల ఎకరానికి 10 వేలు కౌలు వస్తే అది 2.5 శాతం. 20 లక్షలైనాక 25 వేలు వస్తే 1.25 శాతమే. ధర పెరిగినంతగా కౌలు పెరగలేదు చూశారా. సుమారుగా రెండు శాతం కలుపుకున్నా మొత్తం 13 దాటి కాస్త పోతుంది. అప్పు 15.5 దగ్గరే ఉంది. కౌలు కలిపినా తేలదు.

ఆ రెండు శాతంలో కూడా కొంత ఖర్చులు తినేస్తాయి. బొమ్మలో పెట్టిన 4 లక్షలు, 20 లక్షలు ఒట్టి బేరం ధరలు. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్, దస్తావేజు రాత, సర్వే, మధ్యవర్తి కమీషను కలిపి ఒక 40 వేలు అనుకుందాం. అప్పుడు మన చేతి నుంచి పోయింది 4 లక్షల 40 వేలు. అమ్మినప్పుడు కమీషను 40 వేలు పోతే చేతికొచ్చింది 19 లక్షల 60 వేలు. ఇప్పుడు 19.60ని 4.40తో భాగించి అదే లెక్క కడితే 10.47 శాతం. ఖర్చులు చూడ్డానికి చిన్నవే, కానీ ఏటా ముప్పావు శాతం పైనే తగ్గించేశాయి. మొదటి ధర అంటే చేతి నుంచి పోయినదంతా, చివరి ధర అంటే చేతికి వచ్చినది మాత్రమే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఏళ్ళ లెక్క దగ్గర కూడా జాగ్రత్త. 2009, 2010, 2011 అని వేళ్ళ మీద 2024 దాకా ఎంచితే 16 వస్తాయి. 2009 మేలో కొని 2024 మేలో అమ్మితే గడిచింది 15 ఏళ్ళే. రెండు తేదీల మధ్య ఎన్నిసార్లు ఏడు తిరిగిందో అదే అంకె. నెలలు మిగిలితే నెలల్ని 12తో భాగించి కలుపుకోండి.

ఇక ఆ బొమ్మలో దాచిపెట్టిన పెద్ద సంగతి చెప్తా. నన్ను ఎక్కువ మండించింది ఇదే. ఈ లెక్కకు మొదలూ చివరా రెండే కావాలి, మధ్యలో ఏం జరిగిందో దానికి అక్కర్లేదు. అది దీని సుళువు, దీని లోపం కూడా అదే. 11.33 వచ్చిందంటే ప్రతి ఏడూ 11.33 పెరిగిందని కాదు. ఒకే తీరున పెరిగి ఉంటే ఎంత రేటుతో ఇక్కడికి వచ్చేదో అంతవరకే అది చెప్తుంది. కాబట్టి మొదలు ఎక్కడ పెట్టారన్నదే కీలకం. వాళ్ళు 2009లోనే ఎందుకు మొదలుపెట్టారు?

మా డొంక పక్క ఎకరాలే తీసుకోండి. 2009లో 4 లక్షలు. 2015లో అదే వరసలో ఎకరం 12 లక్షలకు పోయింది. 2024లో 20. ఆరేళ్ళలో మూడింతలు, ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో రెండింతలు కూడా కాలేదు. విడివిడిగా కడదాం:

```
(12/4)^(1/6)-1
(20/12)^(1/9)-1
```

మొదటి ఆరేళ్ళు ఏడాదికి 20 శాతం. చివరి తొమ్మిదేళ్ళు ఏడాదికి 5.84 శాతం. కిసాన్ వికాస పత్రానికి 2023లో ఖరారు చేసిన 7.5 కంటే తక్కువ. రాజధాని మాట వచ్చిన 2014 తర్వాత గుంటూరు, కృష్ణా వైపు భూముల బేరాలు ఎలా ఎగిశాయో, మళ్ళీ 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే ఎలా ఆగిపోయాయో చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎగిసిన ఏళ్ళు ఎవరికి కలిసొచ్చాయి? ముందే కొన్నవాళ్ళకు. ఇవాళ 20 లక్షలు పెట్టి కొనేవాడికి ఆ ఆరేళ్ళు తిరిగి రావు. వాడికి చూపించాల్సింది దగ్గరి తొమ్మిదేళ్ళ 5.84, కానీ చూపించేది 26.67.

2015లో 12 లక్షలకు రూపాయిన్నర నోటు మీద కొన్నవాడి సంగతి చూడండి. మూడేళ్ళకోసారి తిరగరాస్తూ పోతే తొమ్మిదేళ్ళకు నోటు 43 లక్షల 83 వేలు. ఎకరం 20 లక్షలు. ఆ మనిషి భూమి ధర పెరిగింది, పడిపోలేదు. అయినా మునిగాడు. పెరిగిందా లేదా అని అడిగాడు గానీ, ఏడాదికి ఎంత చొప్పున పెరిగిందని అడగలేదు.

అందుకే ఎవరు ఏ రేటు చెప్పినా ఒక్క కాలానికి ఒప్పుకోవద్దు. మొత్తం కాలానికి ఒకటి, దగ్గరి ఐదారేళ్ళకు ఒకటి, రెండు లెక్కలు కట్టండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మాట కాస్త నిలుస్తుంది. 20కి 5.84కి మధ్య ఉన్నంత తేడా ఉంటే, ఆ పెరుగుదల ఎప్పుడో జరిగిపోయిందన్నమాట. ఎంత బాగా లెక్క కట్టినా రేపు ఎంత పెరుగుతుందో మాత్రం ఇది చెప్పదు. జరిగినదాన్నే కొలుస్తుంది.

ఈ లెక్క పనికిరాని చోటు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ బొమ్మ వేసినవాడిలా అవుతా. ఒక్కసారి డబ్బు పెట్టి, మధ్యలో ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా, చివర ఒక్కసారి తీసుకుంటేనే ఇది సరిపోతుంది. ఏటా కట్టే బీమా, నెలనెలా కట్టే చీటీ లాంటివాటికి వాడకూడదు. ఏడాదికి 50 వేల చొప్పున 15 ఏళ్ళు కట్టి, ఆఖరున 15 లక్షలు తీసుకున్నారనుకోండి. కట్టింది ఏడున్నర లక్షలు, వచ్చింది 15, రెట్టింపు అని మన లెక్క వేస్తే 4.7 శాతమే వస్తుంది. అది తప్పు. మొదటి 50 వేలు 15 ఏళ్ళు ఉన్నాయి గానీ, ఆఖరి 50 వేలు ఒక్క ఏడాదే ఉన్నాయి. అసలు రేటు 8 శాతం దాటుతుంది. ఇలాంటివాటికి ప్రతి కట్టుబడి, ప్రతి రాబడి తేదీతో సహా ఎక్సెల్ షీట్లో వేసి XIRR అనే లెక్క వాడాలి. కౌలు కూడా పైసాతో సహా లెక్కలోకి రావాలంటే అదే దారి.

"భూమిని వడ్డీతో కొలుస్తావా, భూమి మనకు తల్లి" అని నన్ను తిట్టేవాళ్ళకు ఒక మాట. సొంతంగా దున్నుకోవడానికి, బోరు పక్కన చెక్క కలుపుకోవడానికి, పిల్లలకు ఉండాలని కొనుక్కునేవాళ్ళ జోలికి నేను పోవట్లేదు. ఆ కొనుగోలుకు వేరే లెక్కలున్నాయి. నేను తిట్టేది ధర పెరుగుతుందని, అప్పు తెచ్చి కొనమని ఇళ్ళ చుట్టూ తిరిగే మాటను. ఆ మాట ఎత్తింది వాళ్ళే, శాతాలు తెచ్చింది వాళ్ళే. శాతాలు తెచ్చినప్పుడు శాతాల్లోనే సమాధానం చెప్పాలి.

కాబట్టి ఈసారి ఎవరన్నా ఐదింతలు, పదింతలు అంటూ వస్తే గొడవ పెట్టుకోకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మొదటి ధర ఎంత, ఖర్చులతో కలిపి ఎంత, చివరి ధర ఎంత, ఏ నెల నుంచి ఏ నెల దాకా అని నాలుగూ కాగితం మీద రాయించండి. ఆయన ముందే ఫోన్లో కొట్టండి. వచ్చిన అంకెను మీ నోటు మీదున్న వడ్డీ పక్కన పెట్టండి. నోటు వడ్డీ కూడా మూడేళ్ళకోసారి తిరగరాసిన లెక్కతోనే పెట్టండి. దగ్గరి ఆరేడేళ్ళ ధరలు అడగండి. చెప్పలేకపోతే, చెప్పకుండా టీ తాగి లేస్తే, మీకు సమాధానం దొరికినట్టే.

మీ ఊళ్ళో మీకు తెలిసిన ఎకరం కొన్న ధర, అమ్మిన ధర, రెండు తేదీలు కింద కామెంట్లో పెట్టండి. పేర్లు, సర్వే నంబర్లు వద్దు. పొలం పని చూసుకుని రాత్రికి ఒక్కొక్కటీ కట్టి పెడతా. పది ఊళ్ళ లెక్కలు ఒకచోట కనపడితే, ఆ బొమ్మ వేసేవాళ్ళు ఈసారి 26 అని రాసే ముందు కాస్త ఆలోచిస్తారు.